0.2సీ టెస్టా, 2సీ టెస్టా?

2500 ఎంఏహెచ్ లిథియం అయాన్ సెల్ ఒకటి తీసుకుందాం. దాని కెపాసిటీని నెమ్మదిగా లాగే 0.2సీతోనో, వేగంగా లాగే 2సీతోనో కొలవొచ్చు. రెండు పద్ధతుల్లోనూ నిండా చార్జ్ చేసి, గంటసేపు వదిలేసి, స్థిరమైన కరెంటుతో 2.75 వోల్టుల దాకా ఖాళీ చేస్తాం. కరెంటును పట్టిన గంటలతో గుణిస్తే కెపాసిటీ.

సీ అంటే సెల్ కెపాసిటీ అంకెకు సమానమైన కరెంటు, ఇక్కడ 2500 మిల్లీఆంపియర్లు; 0.2సీ అంటే అందులో ఐదో వంతు, 500 మిల్లీఆంపియర్లు. దాదాపు ఐదు గంటలు పడుతుంది. సెల్ అంతర్గత నిరోధం 50 మిల్లీఓమ్‌లైతే వోల్టేజీ 0.025 వోల్టులే పడిపోతుంది. లేబుల్ అంకెతో పోల్చాలంటే ఇదే వాడాలి.

2సీలో కరెంటు 5 ఆంపియర్లు, పతనం 0.25 వోల్టులు. సెల్ లోపల ఇంకా 3 వోల్టులుండగానే మీటర్ 2.75 చూపించి టెస్ట్ ఆపేస్తుంది. పైగా అయాన్లు ఎలక్ట్రోడ్ లోపలికి అంత వేగంగా చేరలేవు. చలిలో నిరోధం పెరుగుతుంది కాబట్టి అంకె ఇంకా తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, వేగంగా లాగితే సెల్ తానే వేడెక్కి కొంత కోలుకుంటుంది కూడా. అందుకే సెల్ ఒంటి మీద ఉష్ణోగ్రత రాయని 2సీ ఫలితాన్ని నేను నమ్మను.

తగ్గిన చార్జ్ నిజంగా పోయిందా? కాసేపు ఆగి, మళ్లీ 500 మిల్లీఆంపియర్లతో లాగండి. చాలావరకు బయటికొస్తే అది సెల్‌లోనే మిగిలిపోయిందన్నమాట. మొదటి నుంచీ 0.2సీలోనే, గది ఉష్ణోగ్రతలోనే తక్కువ వస్తే మాత్రం సెల్ అరిగినట్టే.