ప్రొఫైల్ ఆన్ చేస్తేనే ఆగిపోయే కంప్యూటర్: నాలుగు ర్యామ్ స్టిక్కులతో రెండు ఎండాకాలాలు

నల్గొండలోని మా ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్‌కు వాడుతున్న కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు ఉన్నాయి. మొదట ఇందులో 8 జీబీ స్టిక్కులు రెండు, అంటే 3600 వేగం గల ఒక డీడీఆర్4 కిట్ మాత్రమే ఉండేది. ర్యామ్‌ను కిట్ మీద రాసిన వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను బయోస్‌లో ఆన్ చేసి నిశ్చింతగా పని చేసుకున్నాము. పెద్ద ఫైళ్లకు ర్యామ్ చాలక అదే కంపెనీ, అదే మోడల్ కిట్ మరొకటి కొని మిగిలిన రెండు స్లాట్లలో పెట్టించిన తరువాతే ఇబ్బంది మొదలైంది.

ప్రొఫైల్ ఆఫ్ చేసి 2666 మీద నడిపితే రోజంతా ఏ లోపమూ కనిపించదు. ఆన్ చేస్తే మాత్రం ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ సగంలో ఉండగా నీలి తెర వస్తుంది. ఒకసారి `MEMORY_MANAGEMENT` అని, మరొకసారి `IRQL_NOT_LESS_OR_EQUAL` అని చూపుతుంది. కోడ్ ఇలా మారుతూ ఉంటే డ్రైవర్ కన్నా ముందు మెమరీని అనుమానించడం మంచిది. దుకాణంలో మాత్రం "విండోస్ మళ్లీ వేయిద్దాం సార్" అన్నారు. ర్యామ్ తప్పులు చేస్తున్నప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే కొత్త ఫైళ్లు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది కనుక నేను ఒప్పుకోలేదు. పరీక్షలు మొదలుపెట్టే ముందు ఫోటోలన్నిటినీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను తీసి పక్కన పెట్టాను.

ముందుగా స్టిక్కుల్లోనే లోపం ఉందేమో తేల్చుకోవలసి వచ్చింది. పాత జతను ఒక్కదాన్నే, ప్రాసెసర్ వైపు నుంచి రెండవ, నాలుగవ స్లాట్లలో పెట్టి, ప్రొఫైల్ ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడిపితే ఒక్క తప్పూ రాలేదు. కొత్త జతను అవే స్లాట్లలో పరీక్షించినా అదే ఫలితం. నాలుగూ కలిపి పెట్టిన వెంటనే ఎర్ర గీతలు మొదలయ్యాయి, పైగా తప్పు చూపే అడ్రస్ ప్రతి పాస్‌లోనూ మారుతూ వచ్చింది. స్టిక్కులో ఒక చోటు చెడిపోయి ఉంటే సాధారణంగా అదే అడ్రస్ దగ్గర మళ్లీ మళ్లీ తప్పు కనిపించాలి.

ప్రొఫైల్ అంటే ఆ కిట్‌ను తయారుచేసినవారు, తాము అమ్మే రెండు స్టిక్కులకు పరీక్షించి చిప్‌లో రాసి పెట్టిన వేగం, టైమింగ్, వోల్టేజీ మాత్రమే. మన ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ నాలుగు స్టిక్కుల భారాన్ని ఆ వేగంతో మోయగలదన్న హామీ అందులో లేదు. రైజెన్ 3000 వరుసకు అధికారిక పరిమితి రెండు స్టిక్కులతో 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ స్టిక్కులతో 2933. అంటే 3600 అన్నది మనం తీసుకునే అదనపు సాహసమే. ఈ సంగతి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఎవరూ వేయరు.

ఆ తరువాత బయోస్‌లో ఒకసారికి ఒక్క విలువనే మార్చుతూ, మార్చినదాన్ని నోటుబుక్‌లో రాసుకుంటూ వెళ్లాను. వేగాన్ని 3600 దగ్గరే ఉంచి, `DRAM Voltage`ను ప్రొఫైల్‌లోని 1.35 నుంచి 1.38కి పెంచితే తప్పులు తగ్గాయి గానీ పోలేదు. 1.40 దగ్గర కూడా ఒకటీ రెండూ మిగిలాయి. వోల్టేజీ పెంచితే స్టిక్కు వేడి కూడా పెరుగుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ వేడే కొత్త తప్పులకు కారణం కావచ్చు కనుక 1.40 దాటకూడదని నిర్ణయించుకున్నాను. కంట్రోలర్‌కు వెళ్లే `SoC Voltage`ను 1.10 దగ్గర స్థిరంగా పెట్టినా 3600 నిలవలేదు.

వోల్టేజీలను అలాగే పెంచుకుంటూ పోవడం కంటే వేగం తగ్గించడమే తెలివైన పని అనిపించింది. టైమింగ్‌లను ప్రొఫైల్‌లో ఉన్న 18-22-22-42 గానే ఉంచి, వేగం 3200, ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి వేగమైన ఎఫ్‌క్లాక్ 1600, ర్యామ్ వోల్టేజీ మళ్లీ 1.35 చేశాను. మెమ్‌టెస్ట్86 శుభ్రంగా పూర్తయింది. అయితే ఆ పరీక్ష ప్రాసెసర్‌ను, గ్రాఫిక్స్ కార్డును పెద్దగా వేడెక్కించదు. అందుకే విండోస్‌లోకి వచ్చి మధ్యాహ్నపు ఎండవేళ టెస్ట్‌మెమ్5 అనే మరో మెమరీ పరీక్ష నడిపాను. చాలాసేపటి తరువాత ఒకే ఒక్క తప్పు పడింది. ఒక్కటే కదా అని వదిలేస్తే అది ఎవరి పెళ్లి ఫోటోలోనో గీతగా తేలవచ్చు. ర్యామ్‌కు ఆదేశం ఇచ్చేటప్పుడు కంట్రోలర్ తీసుకునే వ్యవధిని తెలిపే కమాండ్ రేట్‌ను 1T నుంచి కాస్త నిదానమైన 2Tకి మార్చి అదే ఎండవేళ మళ్లీ నడిపితే తప్పు రాలేదు. రాత్రంతా నడిపినా రాలేదు.

ఈ సెట్టింగ్ మీద రెండు ఎండాకాలాలు గడిచాయి, నీలి తెర మళ్లీ కనబడలేదు. కోల్పోయింది కొంత ఉంది: టైమింగ్‌లలో మొదటి అంకె అయిన సీఎల్ 18 దగ్గర 3600 వేగంలో 10 నానోసెకన్లు ఉండే ఆలస్యం 3200 దగ్గర 11.25 అవుతుంది. ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్‌లో ఆ తేడా నాకు తెలియలేదు, 16 జీబీ నుంచి 32 జీబీకి మారిన లాభం మాత్రం ప్రతిరోజూ తెలుస్తోంది. స్టిక్కుల నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కొత్తగా కొనేవారు మాత్రం 16 జీబీ స్టిక్కులు రెండున్న ఒకే కిట్ తీసుకోవాలి. ఇప్పటికే నాలుగు పెట్టుకున్నవారు బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ సెట్టింగులు మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే మా బోర్డులో అప్‌డేట్ తరువాత అవన్నీ చెరిగిపోయి మొదటికి వచ్చాయి.