డ్రమ్ము లెక్కతో మోటారు గంటలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఎకరం తడవడానికి మోటారు ఎంతసేపు ఆడాలో తెలుసుకోవడానికి నేను పంపు లేబుల్ చూడను. డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాను. ఆ సెకన్లను 0.28తో గుణిస్తే చాలు, ఎకరానికి 5 సెంటీమీటర్ల తడికి పట్టే గంటలు వచ్చేస్తాయి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క గుణకారమే.

దాని వెనక ఉన్న లెక్క ఇదీ. చదరపు మీటరు నేల మీద మిల్లీమీటరు మందాన నిలిచే నీరు ఒక లీటరు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్లకు 2,02,350 లీటర్లు, అంటే దాదాపు 1,012 డ్రమ్ములు. దాన్ని గంటలోని 3,600 సెకన్లతో భాగిస్తే 0.28.

మా పంపు లేబుల్ మీద సెకనుకు 7 లీటర్లని ఉంది. ఆ ప్రకారం 8 గంటలు సరిపోవాలి. డ్రమ్ము మాత్రం 40 సెకన్లకు నిండింది, అంటే సెకనుకు 5 లీటర్లే. గంటలు 11 దాటాయి. లేబుల్ మీద పెద్దగా కనిపించే అంకె నీటిని తక్కువ ఎత్తుకు తోడినప్పటిది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది. అమ్మినాయన ఆ ముక్క చెప్పకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

అసలు విషయం ఒక ఎండాకాలంలో బయటపడింది. 11 గంటలు పూర్తిగా ఆడించినా చివరి మడిలో పార దింపితే నాలుగు వేళ్ల కిందే పొడిమట్టి వచ్చింది. పైపు ఎక్కడా కారడం లేదు. తర్వాతి తడికి మోటారు మూడు గంటలు ఆడాక మళ్లీ డ్రమ్ము పెట్టాను. నిండడానికి 50 సెకన్లు పట్టింది! తోడుతుంటే బోరులో నీటిమట్టం దిగిపోతోందన్నమాట. మొదటి మూడు గంటలకు సగటున 45, ఆ తర్వాత 50 వేసుకుంటే మొత్తం సుమారు 13 గంటల 45 నిమిషాలు తేలింది. అంతసేపు ఆడించాక చివరి మడి కూడా లోపలిదాకా తడిసింది. అప్పటినుంచి నీళ్లు నిలకడకొచ్చాకే డ్రమ్ము పెడుతున్నాను. ఆ సెకన్లనే లెక్కలో వేస్తే గంటలు కాస్త ఎక్కువ వస్తాయి గానీ తక్కువ పడవు.

0.28 గొప్పదే, కానీ అందులో వృథాకు చోటు లేదు. మాకు నీళ్లు పైపులోనే పొలం గట్టుదాకా వస్తాయి, నేల చదునుగా ఉంటుంది, కాబట్టి పైన కొద్దిగా కలుపుకుంటే సరిపోతోంది. మట్టి కాలువలో పారించేవాళ్లకు, అందులోనూ ఇసుక నేలలో, ఇది చాలదు. పోసిన నీటిలో 70 శాతమే మొక్కకు అందుతుందనుకుంటే వచ్చిన గంటలను 0.7తో భాగించాలి, 14 గంటలు 20 అవుతాయి. కరెంటు మధ్యమధ్యలో పోయే చోట బోరు కోలుకుని ధార మళ్లీ పెరుగుతుంది కాబట్టి అక్కడ నా అంకెలు అలాగే పనికొస్తాయని చెప్పలేను. మా బోరుకు, మా పొలానికి మాత్రం ఈ లెక్క నేను వదలను.