నీలం టీషర్టు, తెల్ల చొక్కా: డీనాయిజింగ్ స్ట్రెంత్‌తో రెండున్నరేళ్లు

మా ఫోటో స్టూడియోకి పటం కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు తరచుగా అడిగేది ఒకటుంది. పోయిన మనిషి ముఖం బాగా వచ్చిన ఫోటో ఒక్కటే దొరుకుతుంది, అందులో ఆయన బనియన్ మీదో టీషర్టులోనో ఉంటాడు. "ఒక తెల్ల చొక్కా వేయించండి, కండువా ఉంటే ఇంకా మంచిది" అంటారు. ఇంతకుముందు ఇంకో ఫోటోలోంచి చొక్కా కోసి అతికించేవాణ్ని. రెండున్నరేళ్లుగా బొమ్మలు గీసే ఏఐ అయిన స్టేబుల్ డిఫ్యూజన్‌లో, మాస్క్ వేసిన చోటునే తిరిగి గీసే ఇన్‌పెయింటింగ్ కోసం తయారైన 1.5 మోడల్‌తో, దాన్ని నడిపే ఆటోమేటిక్1111 అనే ప్రోగ్రామ్‌లో చేస్తున్నాను. ఫోటో తెచ్చింది ఆ ఇంటివాళ్లే అయితేనే ఈ పని పట్టుకుంటాను.

ఇన్నాళ్ల వాడకంలో నన్ను బాగా తిప్పలు పెట్టింది, పాత బొమ్మకి ఎంత నాయిస్ కలిపి తిరిగి గీయాలో చెప్పే డీనాయిజింగ్ స్ట్రెంత్ స్లైడరే. 0 దగ్గర పెడితే మాస్క్ లోపల ఏమీ కదలదు. 1 దగ్గర పెడితే పాత బట్ట పూర్తిగా నాయిస్‌లో మునిగిపోయి, మోడల్ మొదటినుంచి కొత్తగా గీస్తుంది. మధ్యలో ఎక్కడో మంచి చోటు ఉంటుందని, దాన్ని పట్టుకుంటే చాలని మొదట్లో నేనూ అనుకున్నాను. అలా కాదని నాకు నేర్పింది ఒక రైస్ మిల్లు హమాలీ గారి ఫోటో.

ఆయన కూతురు తెచ్చింది. ముదురు నీలం టీషర్టు, గుండ్రని మెడ, ఎడమవైపు కిటికీ వెలుగు. టీషర్టు వరకు మాస్క్ వేసి, ఏ నాయిస్ కలపాలో నిర్ణయించే సీడ్ మార్చకుండా, X/Y/Z ప్లాట్‌లో డీనాయిజింగ్ వరుసకి ఇలా ఇచ్చాను:

```
0.3-0.9 [7]
```

0.3 నుంచి 0.9 దాకా ఏడు ఫోటోలు పక్కపక్కన వచ్చాయి. 0.4లో అల్లిక మారింది, మెడ దగ్గర కాలర్ లాంటి ముడత ఒకటి లేచింది, రంగు మాత్రం నీలమే. ప్రాంప్ట్‌లో `plain white cotton shirt` అని ఎంత గట్టిగా రాసినా ఫలితం లేదు. 0.6లో ఉతికి ఉతికి వెలిసిన నీలం చొక్కా, బొత్తాలు మైనంలా కరిగినట్టు. 0.8లో చక్కటి తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలతో సహా. అదే ఆ అమ్మాయికి చూపించాను.

ఒక్క క్షణం చూసి, "అన్నయ్యా, ఈ భుజం నాన్నది కాదు" అంది.

పాత ఫోటో పక్కన పెట్టి చూశాను. ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మనిషి, కుడి భుజం ఒక వేలెడు కిందికి దిగి ఉంది. మోడల్ రెండు భుజాలనూ సమం చేసేసింది. ముఖంలో ఒక్క పిక్సెల్ కూడా మారలేదు, అయినా ఆ పటంలో ఉన్నది వేరే ఎవరో.

దీనికి కారణం ఉంది. నాయిస్ కలుపుతూ పోతే ముందు మునిగేవి చిన్నవి: నేత, కుట్లు, సన్న ముడతలు. చివరిదాకా నిలిచేవి పెద్దవి: రంగు, వెలుగునీడల పట్టు, ఒంటి ఆకారం. అంటే రంగూ భుజమూ ఒకే గట్టున ఉన్నాయి. నీలం పోయి తెలుపు రావాలంటే స్లైడర్‌ని ఎంత పైకి తోయాలో, అంత తోసేసరికి భుజం కూడా కొట్టుకుపోతుంది. ఇన్‌పెయింటింగ్ మోడల్ మాస్క్ బయటి భాగాన్ని చూస్తూ గీస్తుంది కాబట్టి మెడ దగ్గర అతుకు చక్కగా కుదురుతుంది. కానీ లోపల ఏ భుజం ఉండేదో దానికి తెలిసేది మిగిలిన ఆ కాస్త పాత బొమ్మ ద్వారానే.

అందుకే రంగు మార్చే పని స్లైడర్ మీద వేయడం మానేశాను. ముందు ఫోటో ఎడిటర్ గింప్‌లో టీషర్టు భాగం సెలెక్ట్ చేసి, రంగు మొత్తం తీసేసి, కర్వ్స్‌తో లేత బూడిద రంగుదాకా పైకి లేపుతాను. ముదురు బట్టని అంత లేపితే ముడతల్లో గరుకు చుక్కలు తేలుతాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. పరవాలేదు, ఆ గరుకు చిన్న వివరమే కదా, తర్వాత పోతుంది. కాలర్‌ని రెండు ముక్కోణాల్లా, బొత్తాల పట్టీని ఒక నిలువు గీతలా బ్రష్‌తో మోటుగా గీస్తాను. నాకు బొమ్మలు వేయడం రాదు, రావాల్సిన అవసరం కూడా లేదు. దాన్ని ఇన్‌పెయింట్‌కి ఇచ్చి, మాస్క్ లోపల `original` ఉంచి, 0.5 పెడతాను. రంగు ముందే వచ్చేసింది, భుజం ఇంకా పోలేదు. మోడల్‌కి మిగిలింది నేత, కుట్లు, మడతలే.

హమాలీ గారి ఫోటో చివరికి 0.52 దగ్గర కుదిరింది. ఆ తర్వాత కాలర్ ఒక్కదానికీ చిన్న మాస్క్ వేసి 0.4తో ఇంకోసారి తిప్పితే అంచు పదునుగా వచ్చింది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. నాయిస్ తీసే స్టెప్స్ 20 పెట్టి స్ట్రెంత్ 0.5 ఇస్తే మామూలు సెట్టింగ్‌లో నిజంగా నడిచేవి దాదాపు సగమే. బొత్తాలు కరిగినట్టు వస్తే స్ట్రెంత్ పెంచకండి, ముందు స్టెప్స్ 40 చేసి చూడండి. రెండోది `Only masked` వాడినప్పుడు. అది మాస్క్ చుట్టూ ఉన్న ముక్కనే కోసి పెద్దది చేసుకుని గీస్తుంది. ప్యాడింగ్ మామూలుగా 32 పిక్సెళ్లు, పెద్ద ఫోటోలో అంతలో తల కనపడదు. తల కనపడకపోతే చొక్కా కొలత తప్పుతుంది, కాలర్ దుప్పటంత వస్తుంది. నేను 128 పైనే పెడతాను.

పాత ఫోటోలోని ఎత్తుపల్లాలను మోడల్‌కి చూపించే కంట్రోల్‌నెట్ డెప్త్ కలిపితే 0.8 దగ్గర కూడా భుజం నిలబడుతుంది, నిజమే. కానీ దాని వెయిట్ తగ్గించకపోతే టీషర్టు గుండ్రని మెడ కాలర్ కింద గట్టులా మిగిలిపోతుంది. బట్ట రకం పూర్తిగా మారాల్సినప్పుడే, అంటే బనియన్ మీద కోటు లాంటివి అడిగినప్పుడే దాని జోలికి వెళ్తాను.

మాస్క్ బయట ఏమీ మారలేదని కళ్లతో చూసి నమ్మకండి. గింప్‌లో పాత ఫోటో కింద, కొత్తది పైన పెట్టి పై లేయర్‌ని `Difference` చేయండి. మాస్క్ బయట అంతా చిక్కటి నలుపు ఉండాలి. ఆటోమేటిక్1111 పాత పిక్సెళ్లను తిరిగి పైన అతికిస్తుంది కాబట్టి నల్లగానే ఉంటుంది. ఇదే పని చేసే ఇంకో ప్రోగ్రామ్ కంఫీయూఐలో ఆ అతికింపు మనమే పెట్టుకోవాలి. పెట్టకపోతే ఫోటో మొత్తం, బొమ్మని కుదించి మళ్లీ విప్పే వీఏఈ గుండా వెళ్లి వస్తుంది, స్ట్రెంత్ ఎంత తక్కువ ఉన్నా కనురెప్పల దగ్గర, మీసంలో చుక్కలు మెరుస్తాయి. పటం సైజుకి పెంచితే చూపు మారినట్టు అనిపించేది అందుకే.

ఏ స్ట్రెంత్‌కీ లొంగనివి కూడా ఉన్నాయి. కండువా జరీ అంచు దూరంనుంచి బాగుంటుంది, దగ్గరికి వెళ్తే పువ్వు పువ్వుకీ పోలిక ఉండదు. పోచంపల్లి చీర అడిగితే పోచంపల్లి లాంటిదేదో వస్తుంది, ఆ ఇంటి చీర రాదు. అలాంటప్పుడు అసలు బట్టని ఫోటో తీసి చేత్తోనే అతికిస్తున్నాను. ఇంకొకటి, నీలం బట్ట గడ్డం కింద చర్మం మీద నీలం నీడ వేస్తుంది. చొక్కా తెల్లబడ్డా ఆ నీడ అలాగే ఉండిపోతుంది. మాస్క్‌ని గడ్డం దాకా లాగితే నీడతో పాటు గడ్డం కూడా మారిపోతుంది. అక్కడ నీలాన్ని చేత్తో కొంచెం కొంచెంగా తగ్గించడమే.

హమాలీ గారి గడ్డం కింద అలా తగ్గించాకే ప్రింట్ తీశాను. ఆ అమ్మాయి వచ్చి ముఖం కంటే ముందు కుడి భుజం మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఫ్రేము ఏ సైజులో ఉన్నాయని అడిగింది.