ఒకరు క్షణంలో, ఇంకొకరు అర్ధరాత్రి: ఎవరు ఎవరి వేళకు మారితే మేలు?

మా పిన్ని కూతురు నెల్లూరులో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది, మెసేజ్ వస్తే నిమిషంలో జవాబిస్తుంది. పెళ్లి కుదిరిన అబ్బాయి, వరసకు బావే, అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూసుకుంటాడు. అతని జవాబు రాత్రి పదకొండు దాటితేగానీ రాదు. "ఏందబ్బా, అంత తీరిక లేకుండా పోయిందా" అని ఇంట్లో అందరూ అంటున్నారు గానీ, ముందు అతని రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాలుగు సార్లు మేత వేయాలి. వేసిన కొంతసేపటికి చెక్ ట్రే ఎత్తి ఎంత మిగిలిందో చూడాలి, చేతులన్నీ తడి, ఫోన్ షెడ్డులో. చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. ఏరియేటర్లు సరిగ్గా తిరుగుతున్నాయని చూసుకుని మంచం మీద కూర్చునే వేళే అతనికి దొరికే మొదటి తీరిక.

ఇప్పుడు ఏం చేయొచ్చు? అమ్మాయే మేలుకుని ఉండటం ఒకటి. మొదట్లో బాగానే ఉంటుంది, పొద్దున్నే బస్సు పట్టుకోవాల్సిన మనిషికి వారం తిరిగేసరికి తలనొప్పి మొదలవుతుంది. పైగా పన్నెండింటికి ఇద్దరూ అలసి ఉంటారు, పెళ్లి ఖర్చుల మాట ఎత్తితే ఆ వేళ చిన్న మాట కూడా గొడవైపోతుంది. నాకైతే ఇది వద్దనిపిస్తుంది.

అతనే పగలు టకటకా జవాబివ్వడం రెండోది. వినడానికి న్యాయంగా ఉంటుంది, కానీ జరిగింది చూడండి. ఒక మధ్యాహ్నం ఈ పిల్ల వరసగా మూడు పంపింది: "మాగుంట లేఅవుట్‌లో ఇల్లు చూశారు", "అద్దెకు తీసుకుందామా బావా?", "అన్నం తిన్నావా?" మేత బస్తా పక్కన పెట్టి అతను ఒక్క "ఊ" కొట్టాడు. అది అన్నానికి జవాబు, పిల్ల ఇంటికి అనుకుని పిన్నికి చెప్పేసింది, అడ్వాన్సు ఇచ్చే దాకా వెళ్లింది. తొందరలో ఇచ్చే జవాబుతో వచ్చే చిక్కు ఇదే, దేనికి ఇచ్చారో తెలియదు.

ఇక "అతను ఆలస్యం చేస్తే నేనూ చేస్తా" అని కావాలని ఆపి పంపడం. ఉన్న ఒక్క వేగం కూడా పోతుంది, అవతలివాళ్లకు ఎందుకో కూడా అర్థం కాదు. దీన్ని అసలు లెక్కలోకి తీసుకోను.

నేను గట్టిగా చెప్పేది నాలుగోది: ఎవరి వేళ వాళ్లదే, కలిసే చోటు మాత్రం ముందే అనుకోవాలి. పిల్ల పగలంతా తనకు తోచినట్టు రాసుకోవచ్చు, కానీ జవాబు కావాల్సిన ప్రశ్న విడిగా, ఒకే మెసేజ్‌లో ఉండాలి. మధ్యాహ్నం ట్రే చూశాక అతను "చూశా, రాత్రి చెప్తా" అని ఒక్క ముక్క పెడితే ఆమె టెన్షన్ సగం తగ్గుతుంది. రాత్రి కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న మెసేజ్‌నే పక్కకు జరిపి దాని కిందే జవాబు రాయాలి, అప్పుడు ఏ "ఊ" దేనికో గందరగోళం ఉండదు. ఆమె పొద్దున బస్సులో చదువుకుంటుంది. అర్జెంటైతే మెసేజ్ కాదు, కాల్. సాయంత్రం మేత అయ్యాక, ఆమె నిద్రపోయే లోపు వారానికి రెండు మూడు సార్లు కాసేపు మాట్లాడుకుంటే పెళ్లి విషయాలు అక్కడే తేలతాయి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, "ఆన్‌లైన్" అని కనబడగానే నిర్ణయానికి రాకండి. రొయ్య కౌంటు ధర చూడటానికో, టెక్నీషియన్‌కు నీళ్ల ఫోటో పంపడానికో అతను వాట్సాప్ తెరుస్తాడు. బ్లూ టిక్‌లు ఆపేస్తే మనకూ అవతలివాళ్లవి కనబడవు, కాబట్టి దానివల్ల అనుమానం పెరుగుతుందేగానీ తగ్గదు. మబ్బు పట్టిన రోజుల్లో ఎండ లేక గుంటలో ఆక్సిజన్ తయారయ్యేదే తక్కువ, ఆ రాత్రి జవాబు అసలు రాకపోవచ్చు.

ఇది పని చేస్తోందా లేదా అన్నది రాత్రి జవాబులోనే తెలుస్తుంది. అడిగిన దానికి ఆలస్యంగానైనా జవాబుంటే అది పని ఒత్తిడి. తీరిగ్గా కూర్చున్న రాత్రులు కూడా ప్రశ్నలన్నీ దాటేసి ఉత్త "గుడ్ నైట్" మాత్రమే వస్తుంటే, అది వేళల సమస్య కాదు, కాల్ చేసి సూటిగా అడగాలి. రొయ్యలు పట్టడం అయ్యాక గుంట ఎండబెట్టే రోజుల్లో అతనికి పగలు కూడా ఖాళీయే, అప్పుడు మాట్లాడుకునే వేళ మళ్లీ కొత్తగా అనుకోవాలి. ఆ రోజుల్లోనూ జవాబు అర్ధరాత్రికే వస్తే మాత్రం గుంటల పేరు చెప్పి సర్దిచెప్పుకోవద్దని మా పిల్లకు ఇప్పుడే చెప్పి ఉంచాను.