డిస్కార్డ్ థీమ్ డబ్బులిచ్చి కొనేవారు ముందు ఇది చదవండి

ఆ థీమ్‌ల దుకాణం నడిపే మనిషి ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. లేత మీగడ రంగు నేపథ్యం, ముదురు గోధుమ రంగు అక్షరాలు, "కొత్త రూపానికి పూర్తిగా సరిపోతుంది" అన్న హామీ చూసి ఐదు వందలు పంపాను. డిస్కార్డ్ యాప్‌ను మార్చే బెటర్‌డిస్కార్డ్‌లో వేయగానే అక్షరాలు గోధుమ రంగులోకి మారాయి, నేపథ్యం మాత్రం నల్లగానే ఉండిపోయింది. నలుపు మీద ముదురు గోధుమ అంటే ఒక్క సందేశం కూడా చదవలేం.

ఫైలు తెరిచి చూశాను. నేపథ్యానికి అతను రాసింది ఇంతే:

```css
.theme-dark {
  --background-primary: #fff8e7 !important;
}
```

2025లో డిస్కార్డ్ కంప్యూటర్ రూపాన్ని మార్చినప్పుడు నేపథ్యాలకు కొత్త రంగు చరరాశులు, అంటే రంగులకు పెట్టే కొత్త పేర్లు, వచ్చాయి. పాత పేరుకు మనం ఏ రంగు ఇచ్చినా, ఆ పేరును చదివే భాగం తెరమీద లేకపోతే ఏమీ జరగదు. థీమ్ ఫైలు రాసే భాష సీఎస్ఎస్ తప్పని చెప్పదు, హెచ్చరిక కూడా చూపదు. అందుకే కొన్నవాడు తన కంప్యూటర్‌లోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఈ మనిషి వ్యాపారం సాగుతున్నది సరిగ్గా దానిమీదే.

బ్రౌజర్‌లో డిస్కార్డ్ తెరిచి, ఎఫ్12 నొక్కి, సందేశాల వెనుక ఉన్న నల్లటి భాగాన్ని ఎంచుకున్నాను. అక్కడ `var(--background-base-lower)` అని కనిపించింది. ఆ పేరుకు అదే మీగడ రంగు ఇచ్చాను, వెంటనే తెర మారిపోయింది. సవరణ ఒక్క వరుస! దాన్ని మర్యాదగా అతనికి రాసి పంపాను.

వచ్చిన జవాబు యథాతథంగా: "నా ఫైలు అందరికీ పనిచేస్తోంది. మీకు కంప్యూటర్ వాడటం రాకపోతే నేనేం చేయను?" నేను తెరచిత్రం పంపేలోపే నన్ను బ్లాక్ చేశాడు. కొన్నవారి గదిలో నా ప్రశ్న కూడా మాయమైంది. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ మండుతోంది. లోపం ఎక్కడుందో చేతికి అందించిన మనిషికి కంప్యూటర్ రాదంటాడా? ఆ ప్రశ్న తీసేశాడంటే, తర్వాత కొనేవాడికి నిజం తెలియకూడదనే కదా!

ఇందులో డిస్కార్డ్ సంస్థకు ఫిర్యాదు చేసే దారి కూడా లేదు. వారి యాప్‌ను ఇలా మార్చడాన్ని వారి నిబంధనలే ఒప్పుకోవు. అమ్మేవారికి అది బాగా తెలుసు.

కొనే ముందు ఫైల్లో నేపథ్యాల కోసం వాడిన చరరాశుల పేర్లు అడగండి, వాటిని బ్రౌజర్‌లో పైన చెప్పినట్టు సరిచూసుకోండి. పాత తెరచిత్రాలు నమ్మకండి, ఈరోజు తెరిచిన యాప్‌లో థీమ్ వేసి చూపమనండి. డిస్కార్డ్ మళ్లీ పేర్లు మారిస్తే సవరించిన ఫైలు ఇస్తారో లేదో డబ్బు పంపకముందే రాతపూర్వకంగా తీసుకోండి.