118 స్లైడ్ల ట్రైనింగ్ డెక్‌ను చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టి రెండేళ్లు వాడాక

చిత్తూరు దగ్గర ఒక డెయిరీలో పాల సేకరణ విభాగానికి ట్రైనింగ్ నేనే చూస్తాను. పలమనేరు, పుంగనూరు, బంగారుపాళెం వైపు ఊళ్లలో మా పాల కేంద్రాలు నడిపేవాళ్లే నా దగ్గర నేర్చుకునేవాళ్లు. ఇదివరకు వాళ్లందరికీ 118 స్లైడ్ల పవర్‌పాయింట్ ఒకటే ఉండేది. ఒక పూట కూర్చోబెట్టి మొత్తం చూపించి, టీ ఇచ్చి పంపేవాళ్లం. దాన్ని 11 చిన్న మాడ్యూళ్లుగా చేసి, ఒక్కోదానికి ఒక్కో నేర్చుకునే లక్ష్యం పెట్టి, రెండేళ్లకు పైగా నడుపుతున్నాం. పద్ధతి బాగా పనిచేస్తోంది. అయితే స్లైడ్లను ఎక్కడ కోశాం అన్నదాని మీదే దాని మంచీచెడూ ఆధారపడి ఉన్నాయి. డెక్‌లో అందరినీ ఎక్కువ తికమక పెట్టింది పాల సాంద్రత చూసే లాక్టోమీటర్ భాగం కాబట్టి దాన్నే తీసుకుని చెబుతాను.

ఆ భాగంలో 23 స్లైడ్లు ఉండేవి. పైన ‘లాక్టోమీటర్ గురించి అవగాహన’ అని శీర్షిక. డెక్‌ను ముక్కలు చేయమన్నప్పుడు ఎవరికైనా మొదట తోచేది లెక్క ప్రకారం కోయడం: లాక్టోమీటర్ భాగం 1, భాగం 2, భాగం 3. అలా కోస్తే నిడివి తగ్గుతుందే తప్ప, ఒక భాగం చూసినవాళ్లు కేంద్రంలో ఏం చేయగలరో ఎవరూ చెప్పలేరు. అందుకని స్లైడ్లన్నీ చిన్నగా ప్రింట్ తీసి, కత్తిరించి, బల్ల మీద పరిచాం. ఒక్కో దాని వెనక పెన్సిల్‌తో ఒకే ప్రశ్నకు జవాబు రాశాం: ఇది చూసినవాళ్లు కేంద్రంలో ఏ పని చేస్తారు? జవాబు ఒకటే ఉన్నవన్నీ ఒక కుప్పగా పెట్టాం.

మూడు కుప్పలు తేలాయి. క్యాన్‌లో పాలు కలిపి శాంపిల్ తీయడం ఒకటి. లాక్టోమీటర్ చదివి, ఉష్ణోగ్రతకు తగ్గట్టు సవరించి రాయడం రెండోది. ఆ అంకెను ఫ్యాట్‌తో కలిపి చూసి పాలు తీసుకోవాలా, ఆపాలా తేల్చడం మూడోది. మిగిలిన ఐదు స్లైడ్లు ఏ కుప్పలోనూ పడలేదు. లాక్టోమీటర్ చరిత్ర, సాంద్రత సూత్రం ఎలా వచ్చింది, కంపెనీ ప్రస్థానం, అలాంటివి. తప్పుడు సమాచారమేమీ కాదు, కానీ ఏ పనికీ అక్కరకు రాదు. వాటిని ఒక కాగితం మీదకు ఎక్కించి, అడిగినవాళ్లకు ఇచ్చేలా పెట్టాం. ఇది చేయడానికి గుండె గట్టిది చేసుకోవాలి, ఎందుకంటే ప్రతి స్లైడ్ వెనకా దాన్ని తయారుచేసినవాళ్లు ఒకరుంటారు.

తర్వాతది లక్ష్యం రాయడం. ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. రెండో కుప్పకు పాత డెక్‌లో ఉన్న వాక్యం: ‘లాక్టోమీటర్ వాడకం గురించి తెలుసుకుంటారు.’ తెలుసుకున్నారో లేదో ఎలా చూస్తాం? ఇప్పుడున్న వాక్యం ఇది: ‘శాంపిల్ పాలు, లాక్టోమీటర్, థర్మామీటర్ ఇస్తే, సవరించిన రీడింగ్‌ను అర పాయింటుకు మించి తేడా లేకుండా పుస్తకంలో రాయగలరు.’ ఇందులో మూడు సంగతులున్నాయి: చేతికి ఏమిస్తాం, వాళ్లు ఏం చేస్తారు, ఎంత కచ్చితంగా చేయాలి. ఈ మూడూ ఉంటే మాడ్యూల్ చివర ఏ ప్రశ్న అడగాలో వేరే ఆలోచించనక్కర్లేదు. పాలు 31 డిగ్రీల్లో ఉన్నాయి, లాక్టోమీటర్ 27.5 చూపిస్తోంది, పుస్తకంలో ఎంత రాస్తారు? మా కేంద్రాల్లో ఉన్నవి 27 డిగ్రీలకు తయారైన లాక్టోమీటర్లు. అంతకు మించిన ఒక్కో డిగ్రీకి 0.2 కలపాలి. నాలుగు డిగ్రీలు ఎక్కువ కాబట్టి 0.8 కలిపితే 28.3. ఈ జవాబు రాసినవాళ్లకు లెక్క వచ్చినట్టే.

లక్ష్యం రాశాక, ఆ లక్ష్యానికి పనికిరానివన్నీ వాటంతటవే బయటపడ్డాయి. ముఖ్యంగా పాత డెక్‌లోని సవరణ పట్టిక. ముప్పై వరుసల పట్టికను ప్రొజెక్టర్ మీద చదవగలరేమో గానీ ఫోన్‌లో వేళ్లతో జరుపుకుంటూ చదవడం అయ్యే పని కాదు. దాన్ని తీసేసి ‘డిగ్రీకి 0.2’ అన్న ఒక్క స్లైడ్, దాని కింద రెండు ఉదాహరణలు పెట్టాం. నురుగు పోయేదాకా ఆగడం, జార్ అంచుకు లాక్టోమీటర్ తగలకుండా చూడడం, పాల ఉపరితలం లాక్టోమీటర్ కాడను అంటుకుని కాస్త పైకి లేచినచోట చదవడం, వీటికి తలా ఒక ఫోటో. మొత్తం ఏడు స్లైడ్లు, నాలుగు నిమిషాలు.

ఒక మాడ్యూల్‌లో రెండు లక్ష్యాలు దాక్కున్నాయని ఎలా గుర్తుపట్టాలో కూడా చెబుతాను. చివర పరీక్షించడానికి ఒక ప్రశ్న చాలక రెండు వేరువేరు ప్రశ్నలు కావలసి వస్తే రెండున్నట్టే. లేదా సగం స్లైడ్లు ఒకరికి, మిగతా సగం ఇంకొకరికి అవసరమైతే రెండున్నట్టే. శాంపిల్ తీయడం కేంద్రం నిర్వాహకులకూ కావాలి, ట్యాంకర్‌తో వచ్చే మనిషికీ కావాలి. రీడింగ్ చదవడం మాత్రం ట్యాంకర్ మనిషి పని కాదు. అందుకే అవి రెండు మాడ్యూళ్లు.

ఇక వాడకంలో తేలిన అసలు చిక్కు. మొదటి వర్షాకాలంలో పలమనేరు వైపు కేంద్రం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ‘సార్, లాక్టోమీటరు 28 పైనే చూపిస్తా ఉంది, మిషన్‌లో ఫ్యాట్ 2.6 వస్తా ఉంది. తీసుకునేదా వద్దా?’ అని అడిగింది. మాడ్యూల్ రెండు చూసి, రీడింగ్ సరిగ్గా తీసి, సవరించి రాసింది. లక్ష్యం నూటికి నూరు పాళ్లూ నెరవేరింది. అయినా చేతిలో ఉన్న క్యాన్‌ను ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఆమె అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకుండా, రీడింగ్ బాగుందని పాలు పోయించుకున్న కేంద్రాలూ ఉన్నాయి.

దీనికి కారణం పాలలోనే ఉంది. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ రీడింగ్ దిగుతుంది. వెన్న తీస్తే రీడింగ్ పెరుగుతుంది, ఎందుకంటే మిగతా పాలకంటే వెన్న తేలిక. కొంత వెన్న తీసి, ఆపైన కొన్ని నీళ్లు పోస్తే రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని, రీడింగ్ మంచి పాలకు దగ్గరగా వచ్చి నిలబడుతుంది. కాబట్టి లాక్టోమీటర్ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు. పాత డెక్‌లో ఈ సంగతి 61వ స్లైడ్‌లో ఉండేది. ఒకే పూటలో అంతా చూసినవాళ్లకు లాక్టోమీటర్ నుంచి ఫ్యాట్‌కు పోయే దారి కనీసం కళ్ల ముందు నుంచి పోయేది. ముక్కలు చేశాక, మాడ్యూల్ మూడు ఇంకా తెరవని మనిషికి ఆ దారే లేదు.

మందు ఏమిటంటే, రెండు మాడ్యూళ్లను మళ్లీ అతికించలేదు. మాడ్యూల్ రెండు చివరి స్లైడ్‌లో ఒక్క వాక్యం చేర్చాం: ‘ఈ అంకె ఒక్కటే చూసి పాలు తీసుకోవద్దు, ఫ్యాట్ కూడా చూసి, మూడో మాడ్యూల్ ప్రకారం తేల్చండి.’ మూడో మాడ్యూల్‌ను మాత్రం పూర్తిగా మార్చాం. అందులో ఇప్పుడు పాఠం తక్కువ, కేసులు ఎక్కువ. రీడింగ్ 24, ఫ్యాట్ 2.8 ఉన్న క్యాన్. రీడింగ్ 28.3, ఫ్యాట్ 2.6 ఉన్న క్యాన్. రీడింగ్ 28, ఫ్యాట్ 3.6 ఉన్న క్యాన్. మూడు ఆవు పాల క్యాన్లు చూపించి, ఒక్కోదాన్ని తీసుకుంటారా, ఆపి సూపర్‌వైజర్‌కు చెబుతారా అని అడుగుతాం. మొదటి దాంట్లో నీళ్ల అనుమానం, రెండో దాంట్లో వెన్న తీసి నీళ్లు కలిపారన్న అనుమానం, మూడోది తీసుకోవచ్చు. మాడ్యూళ్లుగా విడగొట్టే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే: విడి పనులకు విడి మాడ్యూళ్లు చేశాక, ఆ పనులను కలిపి నిర్ణయం తీసుకునే మాడ్యూల్ ఒకటి తప్పకుండా ఉండాలి, దానికీ సొంత లక్ష్యం ఉండాలి.

ఫైళ్ల సంగతి రెండు మాటల్లో. కొత్త ఫైల్ తెరిచి స్లైడ్లు అతికించే బదులు, పాత డెక్‌నే 11 కాపీలు చేసి అక్కర్లేనివి తీసేయడం తేలిక. రంగులు, ఫాంట్లు చెదరవు. తర్వాత ప్రతి కాపీలోనూ ‘ఇందాక చూసినట్టు’, ‘ముందు స్లైడ్‌లో చెప్పినట్టు’ అనే మాటలు వెతికి తీసేయాలి. ఇవి స్లైడ్ల మీద కంటే వాటి కింద రాసుకున్న నోట్స్‌లో ఎక్కువగా ఉంటాయి, గొంతు రికార్డ్ చేసేటప్పుడు నోరు జారేది అక్కడే. వీడియోగా మార్చి వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలుగా పంపితే అంకెలు మసకబారుతున్నాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపుతాం. ఫైల్ పేరులోనూ, మొదటి స్క్రీన్ మీదా నెల, సంవత్సరం ఉంటాయి: `M02_Lactometer_2024-06.mp4` లాగా.

నెల, సంవత్సరం ఎందుకంటే, చిన్న మాడ్యూళ్ల అసలు ఖర్చు నిర్వహణలో ఉంది. ఒక మాడ్యూల్ మార్చడం అరగంట పని, ఆ మాటకొస్తే ఇది పెద్ద లాభమే. పాత డెక్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. కానీ పాత వీడియో జనం ఫోన్లలో ఉండిపోతుంది. పైగా ప్లంజర్‌తో పాలు కలపాలన్న మాట మూడు మాడ్యూళ్లలో వస్తుంది. అది మారితే మూడూ మార్చాలి. ఏ సూచన ఏయే మాడ్యూళ్లలో ఉందో చూపే ఒక పేజీ పట్టిక మేం పెట్టుకున్నాం. అది లేకుండా పది దాటిన మాడ్యూళ్లను నడపడం కష్టం.

చేతిపని విషయంలో ఇంకో పరిమితి ఉంది. మేం కేంద్రానికి వెళ్లి చూస్తే, 28.3 అని జవాబు సరిగ్గా రాసినవాళ్లే లాక్టోమీటర్‌ను జార్‌లోకి ఒక్కసారిగా వదిలేస్తున్నారు. అది మునిగి లేచి, కాడకు పాలు అంటుకుని, ఆ బరువుకు రీడింగ్ తేడా వస్తుంది. ఫోన్‌లో ప్రశ్న లెక్కను పట్టుకుంటుంది, చేతిని పట్టుకోదు. అందుకే మాడ్యూల్ రెండు పూర్తయినట్టు రాసుకునేది సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఒకసారి చేయించి చూశాకే.

అన్నీ విడగొట్టలేదని కూడా చెప్పాలి. పాలు చల్లబరిచే బీఎంసీ ట్యాంకు కడగడం 14 స్లైడ్లు, తొమ్మిది నిమిషాలు. అది అలాగే ఉంది. ముందు నీళ్లతో, తర్వాత డిటర్జెంట్‌తో, మళ్లీ నీళ్లతో, చివర శానిటైజర్‌తో: అక్కడ నేర్చుకోవలసింది వరుసే. సగంలో ఆపి చూసినవాళ్లు ఎవరైనా సగంలోనే ట్యాంకు మూత వేసే ప్రమాదం ఉంది. దాన్ని మూడు మాడ్యూళ్లు చేద్దామని ఆఫీసు నుంచి ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ పనికి లక్ష్యం ఒక్కటే కాబట్టి నేను ఒప్పుకోవడం లేదు.