ఆవు–పులి కథ: చివరిదాకా చెప్పాలా, మధ్యలో ఆపాలా?

హైదరాబాద్‌లో మూడో తరగతికి ఒక పీరియడ్‌లో ఆవు–పులి కథతో మాట నిలబెట్టుకోవడం గురించి చెప్పాలనుకోండి. కథంతా చెప్పి “నీతి ఏమిటి?” అని అడగడం ఒక పద్ధతి. తేలికే, కానీ “అబద్ధం చెప్పకూడదు టీచర్” అని అందరూ ఒకే గొంతుతో అంటారు. ఆ ఏకకంఠమే పిల్లలు ఆలోచించలేదనడానికి గుర్తు.

రెండోది, దూడకు పాలిచ్చిన ఆవు అడవివైపు తిరిగిన చోట కథ ఆపడం. “నువ్వు దూడవైతే అమ్మతో ఏమంటావు?”, “ప్రాణం పోయేలా ఉన్నా మాట నిలబెట్టుకోవాలా?” అని అడగాలి. “వెళ్లొద్దు” అన్న పిల్లవాణ్ని సరిదిద్దకుండా, ఎందుకో అడగాలి. తెలుగు రాని పిల్లలు హిందీలో చెప్పినా సరే. ఆ తర్వాతే పులి ఆవును వదిలేసిన ముగింపు చెప్పాలి.

నేనైతే రెండోదే ఎంచుకుంటాను. ఒకటో తరగతికి మాత్రం మొదటిదే నయం. కథ ఆగితే ఆ చిన్నపిల్లలు దూడ గురించి బెంగపడతారు.

చివరి పది నిమిషాలు చర్చకు ఇచ్చేయకూడదు. పేరు రాయని చీటీపై “నేను ఇచ్చిన ఒక మాట, దాన్ని నిలబెట్టుకోవడం ఎందుకు కష్టమైంది” అని రాయించాలి. రాయలేనివాళ్లు బొమ్మ గీస్తారు. చీటీలను తరగతిలో పైకి చదవొద్దు.